ఆఫీసు డబ్బాలో గేమింగ్ కార్డు: సెకండ్ హ్యాండ్ ఎస్ఎఫ్ఎఫ్ సిస్టమ్‌ని వాలరెంట్‌కి సిద్ధం చేయడం ఎలా

మా అక్క కొడుకు ఖమ్మంలో ఇంటర్ చదువుతున్నాడు. వాడు ఆడేవి రెండే ఆటలు, వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2. ఇంట్లో 144 హెర్ట్జ్ మానిటర్ ఉంది. వెనకాల సిస్టమ్ లేదు. బడ్జెట్ పాతిక వేల లోపు. ఆ డబ్బుకి కొత్త భాగాలతో కూర్పు కుదరదు కాబట్టి, కంపెనీలు నాలుగైదేళ్లు వాడి వదిలేసిన సన్నటి ఆఫీసు సిస్టమ్, అంటే ఎస్ఎఫ్ఎఫ్, ఒకటి కొని, అందులో పొట్టి గ్రాఫిక్స్ కార్డు పెట్టాం. మొదటిసారి తప్పాం, రెండోసారి కుదిరింది.

ముందు ఆ తప్పేంటో చెప్తాను. కార్డు చవగ్గా దొరికిందని మొదట దాన్నే కొన్నాను. తర్వాత డబ్బా కొన్నాను. ఇంటికొచ్చి మూత తీస్తే, కార్డు పెట్టాల్సిన పొడుగు స్లాట్ సరిగ్గా సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ పక్కనే ఉంది. కార్డు మందం రెండు స్లాట్లు, అక్కడున్న చోటు ఒక్క స్లాటు. ఫ్యాను ఎస్ఎంపీఎస్ రేకుకి ఆనుకుపోయింది. డబ్బా తిరిగిచ్చేసరికి వెయ్యి రూపాయలు కోత పడింది. అందుకే ఈ పనిలో వరస ముఖ్యం. డబ్బా మూత తీసి కొలిచాకే కార్డు కొనాలి.

డబ్బా ఎంచుకోవడం

ఆఫీసు సిస్టమ్‌లు మూడు సైజుల్లో వస్తాయి. పుస్తకమంత ఉండే బుల్లి డబ్బాల్లో సాధారణంగా గ్రాఫిక్స్ కార్డుకి స్లాటే ఉండదు, అవి వదిలేయండి. పెద్ద టవర్ దొరికితే నిజానికి మీకు ఈ పొట్టి కార్డు గొడవే అక్కర్లేదు, మామూలు ఎత్తు కార్డు పడుతుంది. కానీ సికింద్రాబాద్ సీటీసీలో గానీ, ఆన్‌లైన్‌లో గానీ ఎక్కువగా కనిపించేవి మధ్య రకం, అంటే ఎస్ఎఫ్ఎఫ్ అని పిలిచే సన్నటి డబ్బాలు. మన పని వాటితోనే.

ప్రాసెసర్ ఎనిమిదో తరం ఐ5 గానీ, ఆ పైది గానీ చూడండి. ఐ5-8500 అయితే ఆరు కోర్లు. పేరు ఒకేలా ఉంది కదా అని ఐ5-6500 తీసుకుంటే అందులో కోర్లు నాలుగే. కౌంటర్ స్ట్రైక్ 2లో పొగ బాంబులు పడి పదిమంది ఒకచోట చేరినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ఇంకో కారణం విండోస్. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 అధికారిక జాబితాలో ఆరో తరం లేదు. ఎనిమిదో తరం ఉంది.

మేం రెండోసారి తీసుకున్నది హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ4 ఎస్ఎఫ్ఎఫ్. ఐ5-8500, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, మొత్తం 11,500. మీకు వేరే కంపెనీ డబ్బా దొరికినా పర్లేదు. కొట్లోనే నాలుగు విషయాలు చూసుకోండి.

మొదటిది, ఆన్ చేయించి, విండోస్ తెరుచుకోకముందే బయాస్, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లోకి వెళ్లండి. హెచ్‌పీకి F10, డెల్‌కి F2, లెనోవోకి F1. పాస్‌వర్డ్ అడిగితే, దాన్ని కొట్టువాడు మీ ముందే తీసేస్తేనే కొనండి. పాత కంపెనీ పెట్టిన బయాస్ పాస్‌వర్డ్ ఉంటే రేపు ఏ సెట్టింగూ మార్చలేరు, ఈ పనిలో బయాస్ మార్పులు తప్పవు.

రెండోది, మూత తీయించండి. పొడుగు స్లాట్లు రెండుంటే ప్రాసెసర్ వైపున్నది సాధారణంగా పూర్తి వేగం స్లాటు. రెండోది చూడ్డానికి అంతే పొడుగున్నా లోపల లేన్లు, అంటే డేటా వెళ్లే దారులు, నాలుగే ఉండొచ్చు. బోర్డు మీద స్లాటు పక్కనే చిన్న అక్షరాల్లో x16, x4 అని రాసి ఉంటుంది, ఫోన్ లైటు వేసి చదవండి. ఆ x16 స్లాటు పక్కన ఇంకో స్లాటంత ఖాళీ ఉంటే రెండు స్లాట్ల మందం కార్డు పడుతుంది. పక్కన ఎస్ఎంపీఎస్సో, డ్రైవుల బోనో, క్యాబినెట్ రేకో ఉంటే ఒక్క స్లాట్ మందం కార్డే గతి. మా ఎలైట్‌డెస్క్‌లో పక్కన ఖాళీ ఉంది.

మూడోది, టేపు తీసి స్లాట్ వెనక రేకు నుంచి ముందుకి ఎంత పొడుగు ఖాళీ ఉందో కొలవండి. 18 సెంటీమీటర్లుంటే ఎక్కువ పొట్టి కార్డులు పడతాయి. ఎస్ఎస్‌డీ వైరు, ముందు ప్యానెల్ వైర్లు ఆ దారిలో అడ్డంగా ఉన్నాయేమో కూడా చూడండి.

నాలుగోది ఎస్ఎంపీఎస్. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

వాట్ల లెక్క

మామూలు క్యాబినెట్‌లో ఎస్ఎంపీఎస్ చాలకపోతే వేరేది కొని బిగిస్తాం. ఈ డబ్బాల్లో అది కుదరదు. కంపెనీ తన సొంత ఆకారంలో చేయించుకుంటుంది, బోర్డుకి వెళ్లే ప్లగ్గు కూడా మార్కెట్లో దొరికేదానికి సరిపోదు. కాబట్టి ఏదుంటే దాంట్లోనే సర్దుకోవాలి.

కార్డుకి విడిగా కరెంటు ఇచ్చే వైరు కూడా ఈ ఎస్ఎంపీఎస్‌లో సాధారణంగా ఉండదు. స్లాటు నుంచి వచ్చే కరెంటే దానికి ఆధారం. స్లాట్ ఇవ్వగలిగింది గరిష్ఠంగా 75 వాట్లు. అందుకే విడి పవర్ ప్లగ్గు అక్కర్లేని కార్డులే మన లెక్కలోకి వస్తాయి. కొన్ని పాత ఎస్ఎఫ్ఎఫ్ మోడళ్లలో స్లాట్‌కి 75 కన్నా తక్కువ పరిమితి పెడతారు. మోడల్ పేరుతో కంపెనీ సైట్‌లో మాన్యువల్ వెతికితే ఆ అంకె దొరుకుతుంది, కార్డు కొనే ముందు అది చదవండి.

ఇప్పుడు కూడిక. ఐ5-8500కి 65 వాట్లు. కార్డుకి 75. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు, కీబోర్డు, మౌసు అన్నీ కలిపి పాతిక నుంచి ముప్ఫై వేసుకోండి. 170 దాకా వచ్చింది. మా డబ్బా ఎస్ఎంపీఎస్ మీద 250 వాట్లని ఉంది, కాబట్టి భయం లేదు. అదే లేబుల్ మీద 180 ఉంటే మిగిలేది పది వాట్లు. ప్రాసెసర్ టర్బోలో కాసేపు 65 దాటుతుంది కూడా. అలాంటి డబ్బాలో 75 వాట్ల కార్డు పెట్టకండి, 50 వాట్ల కార్డు వెతకండి.

సరిపోకపోతే ఏమవుతుందో గుర్తుపట్టడం తేలికే. నీలం స్క్రీనూ ఎర్రర్ మెసేజీ ఏవీ రావు. ఆట మధ్యలో, అదీ గొడవ ఎక్కువైనప్పుడే, టప్పున ఆగిపోయి మళ్లీ ఆన్ అవుతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో `Kernel-Power 41` అని నమోదవుతుంది. ఆ నంబరు ఒక్కటే కనబడిందని ఎస్ఎంపీఎస్ తప్పేనని తేల్చేయకండి, కరెంటు పోయినా అదే వస్తుంది. కానీ ఆట ఆడినప్పుడే వస్తూ, మామూలు వాడకంలో రాకపోతే అనుమానం అక్కడే.

కార్డు

పొట్టి కార్డు అంటే వెనక రేకు ఎత్తు సుమారు 8 సెంటీమీటర్లు. మామూలుది 12. బోర్డు పొట్టిదే అయినా, దానికి పొడుగు రేకు బిగించి ఉంటే ఈ డబ్బాలో పట్టదు. కొత్త కార్డు పెట్టెలో పొట్టి రేకు విడిగా ఇస్తారు. సెకండ్ హ్యాండ్‌లో ఆ రేకు పోగొట్టేసి అమ్మేవాళ్లే ఎక్కువ. ‘రేకు ఉందా’ అని ముందే అడిగి, ఫోటో పంపించుకోండి. రేకు లేని కార్డుని స్లాట్‌లో ఊరికే గుచ్చి వదిలేస్తే, మానిటర్ కేబుల్ బరువుకి కొన్నాళ్లకి వంగి స్లాట్ వదులవుతుంది.

రెండు స్లాట్ల చోటు, తగినన్ని వాట్లు ఉంటే జీటీఎక్స్ 1650 పొట్టి మోడల్ ఈ ఆటలకి చాలు. 75 వాట్లు, 4 జీబీ. ఇంకొంచెం డబ్బుంటే ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ పొట్టిది తీసుకోండి. ఇది 2024లో వచ్చింది, 70 వాట్లే తింటుంది, వేగం బాగా ఎక్కువ. ఇక్కడ పేరు జాగ్రత్త. 3050లో 8 జీబీ రకం వేరే ఉంది, దానికి విడి పవర్ ప్లగ్గు కావాలి.

ఒక్క స్లాట్ చోటే ఉంటే, లేదా ఎస్ఎంపీఎస్ చిన్నదైతే, ఎన్విడియా టీ1000 చూడండి. ఇది ఆఫీసు డిజైన్ పనికి చేసిన కార్డు. లోపల కోర్లు 1650లో ఎన్నున్నాయో ఇందులోనూ అన్నే, 896. 50 వాట్లకే కట్టేశారు కాబట్టి వేగం కాస్త తగ్గుతుంది, అయినా వాలరెంట్‌కి హాయిగా సరిపోతుంది. వెనక ఉండేవి నాలుగు బుల్లి డిస్‌ప్లేపోర్టులు. మీ మానిటర్‌కి డిస్‌ప్లేపోర్ట్ ఉంటే మినీ డిస్‌ప్లేపోర్ట్ నుంచి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ కొనండి. చవక హెచ్‌డీఎంఐ అడాప్టర్ పెడితే చాలాసార్లు 60 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, తర్వాత కార్డుని తిట్టుకుంటారు.

మూడు కార్డులు మాత్రం చవకని ఎగబడకండి. ఆర్ఎక్స్ 6400 ఒక్క స్లాట్‌లో దొరుకుతుంది, 53 వాట్లే. కానీ దానికి నాలుగు లేన్లే, అవీ నాలుగో తరం పీసీఐ బోర్డు ఉంటేనే పూర్తి వేగం ఇస్తాయి. మన ఎనిమిదో తరం డబ్బా మూడో తరం పీసీఐ, అందులో ఈ కార్డు కొంత నష్టపోతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులకి రీసైజబుల్ బార్ అనే బయాస్ సౌకర్యం కావాలి, అది పాత ఆఫీసు బోర్డుల్లో సాధారణంగా ఉండదు. ఇక జీటీ 1030లో రెండు రకాలున్నాయి, డీడీఆర్4 మెమరీ ఉన్నది మరీ నెమ్మది. పైగా 1030, 1050 టీఐ తరానికి ఎన్విడియా కొత్త ఆటల డ్రైవర్లు ఇవ్వడం 2025 అక్టోబరుతో ఆపేసింది.

మేం సెకండ్ హ్యాండ్ 1650 పొట్టిది 7,500కి తీసుకున్నాం. కొనేముందు అమ్మేవాడి సిస్టమ్‌లోనే కార్డు వివరాలు చూపించే జీపీయూ-జడ్ ప్రోగ్రామ్ తెరిపించాను. ఎక్కడిదో పాత కార్డుకి 1650 అని పేరు మార్చి అమ్మే మోసం ఉంది. అలాంటిదైతే ఆ ప్రోగ్రామ్ కార్డు పేరు ముందు `[FAKE]` అని చూపిస్తుంది. పది నిమిషాలు ఏదైనా ఆట నడిపించి, ఫ్యాను గరగరలాడకుండా తిరుగుతోందో లేదో వినండి.

రెండో ర్యామ్ స్టిక్

కార్డు పెట్టాక అంతా అయిపోయిందనుకుంటారు గానీ, ఆఫీసు డబ్బాలో ఆటని నలిపేసేది తరచుగా ర్యామే. ఒకే స్టిక్ ఉంటే ప్రాసెసర్ ఒకే దారిలో మెమరీతో మాట్లాడుతుంది. రెండో స్టిక్ సరైన స్లాట్‌లో పెడితే దారులు రెండవుతాయి. తక్కువ సెట్టింగ్స్‌లో ఆడే ఆటల్లో భారం కార్డు కన్నా ప్రాసెసర్ మీదే ఎక్కువ పడుతుంది కాబట్టి ఈ మార్పు బాగా కనిపిస్తుంది. సగటు ఫ్రేముల కన్నా, మధ్యమధ్యలో వచ్చే కుదుపులు తగ్గడమే అసలు లాభం.

డెస్క్‌టాప్ డీడీఆర్4 2666, 8 జీబీ స్టిక్ ఇంకొకటి కొన్నాం. ర్యామ్ ధర నెలకొక తీరుగా ఉంటోంది, మాకు 1,800 పడింది. ల్యాప్‌టాప్ స్టిక్ పొట్టిగా ఉంటుంది, అది ఇందులో పట్టదు. నాలుగు స్లాట్లున్న బోర్డులో ఎందులో పెట్టాలో అనుమానం వస్తే పెట్టేసి, విండోస్‌లో సీపీయూ-జడ్ అనే ప్రోగ్రామ్‌లో మెమరీ పేజీ చూడండి. `Dual` అనో, `2 x 64-bit` అనో ఉంటే సరే. లేకపోతే ఆపేసి పక్క స్లాట్‌లోకి మార్చండి.

బిగించడం

ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. మూత తీసి బాల్కనీలోకి తీసుకెళ్లి బ్లోయర్‌తో దుమ్ము కొట్టండి. కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టుకోండి, పిచ్చిగా తిరగనివ్వకండి. ప్రాసెసర్ హీట్‌సింక్ విప్పి పాత థర్మల్ పేస్ట్ తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. మా దాంట్లో పాతది ఎండి సున్నపు పెచ్చులా రాలింది.

వెనక స్లాట్ రేకుల్ని పట్టి ఉంచే క్లిప్పు తెరిచి, కార్డుకి ఎన్ని స్లాట్ల మందముందో అన్ని రేకులు తీయండి. కార్డుని x16 స్లాట్‌కి నిటారుగా పెట్టి, రెండు చివర్లా సమానంగా నొక్కండి. చివరనున్న చిన్న గొళ్లెం టిక్కుమనాలి. క్లిప్పు మూసేయండి. మానిటర్ కేబుల్‌ని కార్డుకే తగిలించండి. అలవాటు కొద్దీ బోర్డు పోర్టుకి తగిలించి, ‘మామయ్యా, ఫ్రేములు ఇరవైయే వస్తున్నాయి’ అని మావాడు ఫోన్ చేశాడు. అది ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీద నడుస్తున్న ఆట.

విండోస్, బయాస్

విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సౌకర్యాలు రెండూ ఆన్‌లో ఉండాలి. లేకపోతే `VAN9001` లేదా `VAN9003` అని చూపించి ఆట తెరుచుకోదు. కొట్లో వేసిచ్చే విండోస్ తరచుగా పాత లెగసీ పద్ధతిలో ఉంటుంది, అందులో సెక్యూర్ బూట్ పనిచేయదు.

నా సలహా కొత్తగా విండోస్ వేసుకోమనే. ఈ డబ్బాలకి కంపెనీ ఇచ్చిన విండోస్ ప్రో కీ చాలావాటిలో బయాస్‌లోనే ఉంటుంది, కొత్తగా వేస్తే నెట్ తగలగానే అదే యాక్టివేట్ అవుతుంది. కీ ఉందో లేదో పవర్‌షెల్‌లో ఇలా చూడొచ్చు:

```
(Get-CimInstance SoftwareLicensingService).OA3xOriginalProductKey
```

మళ్లీ వేసే ఓపిక లేకపోతే, ముందు `msinfo32` తెరిచి `BIOS Mode` చూడండి. `Legacy` అని ఉంటే, ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో మొదటి వరస ఇవ్వండి. అది సరేనంటేనే రెండోది.

```
mbr2gpt /validate /allowFullOS
mbr2gpt /convert /allowFullOS
```

ఆ తర్వాతే బయాస్‌లోకి వెళ్లాలి. ముందే బయాస్ మారిస్తే విండోస్ లేవదు. మా హెచ్‌పీలో `Secure Boot Configuration` కింద `Legacy Support Disable and Secure Boot Enable` ఎంచుకున్నాం. సేవ్ చేసి రీస్టార్ట్ అయ్యాక స్క్రీన్ మీద ఒక నాలుగంకెల నంబరు కనిపించింది. అది టైప్ చేసి ఎంటర్ కొడితేనే మార్పు ఖాయమవుతుంది. కంగారుపడి ఆపేస్తే పాత సెట్టింగే మిగులుతుంది. విండోస్‌లోకి వచ్చాక `msinfo32`లో `Secure Boot State` అన్నచోట `On`, `tpm.msc`లో వెర్షన్ 2.0 కనిపించాలి.

చివరగా ఎన్విడియా డ్రైవర్ వేసి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్లి 144 హెర్ట్జ్ ఎంచుకోండి. విండోస్ తనంతట తాను చాలాసార్లు 60లోనే ఉండిపోతుంది.

పరీక్ష

జీపీయూ-జడ్ తెరిచి `Bus Interface` చూడండి. పక్కనే ఉన్న ప్రశ్న గుర్తు నొక్కి పరీక్ష నడిపితే, 1650కి `PCIe x16 3.0 @ x16 3.0` రావాలి. చివర `@ x4` వస్తే తప్పు స్లాట్‌లో గుచ్చారు.

తర్వాత గంటసేపు ఆడుతూ వేడి గమనించండి. సన్నటి డబ్బాలో గాలి తక్కువ, ఖమ్మం ఎండాకాలం ఎలాగూ తెలిసిందే. కార్డు 70ల్లో ఉంటే మంచిదే. 80 దాటి అక్కడే నిలబడి క్లాక్ తగ్గుతుంటే గాలి చాలడం లేదని అర్థం. ప్రాసెసర్ 90 దాటితే పేస్ట్ సరిగా పడలేదు, విప్పి మళ్లీ పెట్టండి. డబ్బాని టేబుల్ అరలోకి తోసేయకుండా, మూత మీద పుస్తకాలు పెట్టకుండా, ఆటలో ఫ్రేముల పరిమితి 140 పెట్టేసరికి మా కార్డు ఆరేడు డిగ్రీలు దిగింది. మానిటర్ చూపించలేని ఫ్రేముల కోసం కార్డు ఉడికిపోవడం ఎందుకు?

ఫలితం ఇదీ. 1080పీ, తక్కువ సెట్టింగ్స్‌లో వాలరెంట్ ఆ 140 దగ్గర కదలకుండా ఉంటోంది. కౌంటర్ స్ట్రైక్ 2 మామూలుగా వంద పైనే, పొగలో కిందికి దిగుతుంది. మొత్తం ఖర్చు, పేస్టూ కేబులూ కలిపి, 21,400. కొత్తగా వచ్చే పెద్ద కథల ఆటలు 4 జీబీ కార్డు మీద సాగవు, ఆ ఆశతో అయితే ఎస్ఎఫ్ఎఫ్ వద్దు, టవర్ వెతుక్కోండి. ఆట రికార్డు చేస్తే మాత్రం 256 జీబీ ఎస్ఎస్‌డీ నెలలోనే నిండిపోయింది, ఇప్పుడు వాడు ఇంకా పెద్ద ఎస్ఎస్‌డీ కావాలని అడుగుతున్నాడు.